టైంకే కట్టినా క్రెడిట్ కార్డుకి లేట్ ఫీజు పడిందా? ముందు ఈ తేదీలు చూడండి

పోయిన నెల మా చెల్లి గుంటూరు నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, డ్యూ డేట్ రోజే కట్టాను, డబ్బులు కూడా కట్ అయ్యాయి, అయినా 885 రూపాయలు లేట్ ఫీజు వేశారు, ఇదెక్కడి అన్యాయం" అంది. కస్టమర్ కేర్‌కి అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసిందట. ఒకాయన "మీ పేమెంట్ మాకు 20న వచ్చింది మేడమ్" అని పెట్టేశాడు, ఇంకొకాయన "ఈసారికి సగం మాఫీ చేయిస్తాను" అన్నాడు. స్టేట్‌మెంట్ పంపమన్నాను. ఇద్దరం ఫోన్‌లోనే ఒక్కో లైనూ చూసుకుంటూ వెళ్తే, ఫీజు మొత్తం తప్పేనని తేలింది, దాంతోపాటు ఆమె గమనించని ఇంకో 694 రూపాయలు కూడా అందులోనే కనపడ్డాయి. మీకూ ఇలాంటిదే జరిగితే ఏ వరసలో చూసుకోవాలో చెబుతాను.

మొదటి పని, కోపంతో ఫోన్ చేయడం కాదు. స్టేట్‌మెంట్ పిడిఎఫ్ రెండూ దింపుకోండి, అంటే మీరు ఏ బిల్లు కట్టారో ఆ నెలదీ, ఫీజు పడిన తర్వాతి నెలదీ. యాప్‌లో కనపడే లిస్టు సరిపోదు, చాలా యాప్‌లలో ఒక్క తేదీయే చూపిస్తారు. మనకి కావాల్సినవి మూడు తేదీలు.

ఒకటి, మీ సేవింగ్స్ ఖాతాలోంచి డబ్బు బయటికి వెళ్లిన రోజు, టైంతో సహా. రెండు, ఆ డబ్బు కార్డు ఇచ్చిన బ్యాంకుకి చేరిన రోజు. మూడు, ఆ బ్యాంకు దాన్ని మీ కార్డు ఖాతాలో ఎక్కించిన రోజు, స్టేట్‌మెంట్‌లో Posting Date అని గానీ, ఉట్టి Date అని గానీ ఉండేది ఇదే. మనం "టైంకే కట్టాను" అంటున్నది మొదటి తేదీ చూసి. బ్యాంకు సిస్టమ్ "లేటు" అంటున్నది మూడో తేదీ చూసి. గొడవంతా ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీలోనే ఉంటుంది, అందుకే రెండో తేదీ పట్టుకోవడం ముఖ్యం.

ఎలా పట్టుకోవాలి? మీ ఫోన్‌లో మెసేజ్‌లు వెతకండి. బిల్లు కట్టినప్పుడు మామూలుగా మూడు వస్తాయి: సేవింగ్స్ బ్యాంకు నుంచి "డెబిట్ అయ్యింది" అని ఒకటి, మీరు కట్టిన యాప్ నుంచి "సక్సెస్" అని ఒకటి, కార్డు బ్యాంకు నుంచి "మీ పేమెంట్ అందింది" అని ఒకటి. మొదటి రెండూ వచ్చాక చాలామంది నిశ్చింతగా పడుకుంటారు. మూడోది వచ్చేదాకా మీ బిల్లు కట్టినట్టు బ్యాంకు ఒప్పుకున్నట్టు కాదు. మా చెల్లికి మొదటి రెండూ 18న రాత్రి 10.52కి వచ్చాయి, మూడోది 20న ఉదయం వచ్చింది. మధ్యలో ఒక రోజంతా డబ్బు ఆమె ఖాతాలోనూ లేదు, కార్డు ఖాతాలోనూ లేదు.

ఇక్కడ ఏ దారిలో కట్టారన్నది తేడా చేస్తుంది. కార్డూ సేవింగ్స్ ఖాతా ఒకే బ్యాంకులో ఉండి, ఆ బ్యాంకు యాప్‌లోనే కడితే సాధారణంగా వెంటనే ఎక్కుతుంది. వేరే బ్యాంకు నుంచి నెఫ్ట్ చేస్తే, అది 2019 డిసెంబర్ 16 నుంచి సెలవుల్లో కూడా ఇరవై నాలుగు గంటలూ నడుస్తోంది, అరగంటకో బ్యాచ్ వెళ్తుంది, బ్యాచ్ సెటిల్ అయిన రెండు గంటల్లోపు అవతలి బ్యాంకు జమ చేయాలి, లేదా వెనక్కి పంపాలి. కాబట్టి "ఆదివారం కదా, నెఫ్ట్ రాలేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అయితే నెఫ్ట్ చేరడం వేరు, కార్డుల సిస్టమ్ దాన్ని తీసుకుని మీ కార్డు మీద ఎక్కించడం వేరు, రెండోది చాలాచోట్ల రాత్రిపూట ఒకేసారి జరుగుతుంది.

ఫోన్‌లో ఉండే పేమెంట్ యాప్‌ల నుంచి కడితే అది భారత్ బిల్ పేమెంట్ సిస్టమ్, అంటే బిబిపిఎస్ ద్వారా వెళ్తుంది. క్రెడిట్ కార్డు బిల్లులు ఆ దారిలోనే వెళ్లాలని రిజర్వ్ బ్యాంకు పెట్టిన గడువు 2024 జూన్ 30తో ముగిసింది. ఇలా కట్టినవాళ్లు యాప్‌లో ఆ పేమెంట్ తెరిచి, రసీదు కింద బిబిపిఎస్ నంబరు ఉందేమో చూడండి. యుపిఐ నంబరు ఒక్కటే ఇస్తే కార్డు బ్యాంకు వాళ్లకి అది దొరక్కపోవచ్చు, బిబిపిఎస్ నంబరు ఇస్తే వెతకడం తేలిక. నెఫ్ట్ అయితే యుటిఆర్ నంబరు, అంటే ఆ ఒక్క బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు తీసుకోండి. నంబరూ టైమూ ఒకే ఫోటోలో వచ్చేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, కొన్నాళ్లు పోతే యాప్‌లో పాత రసీదులు వెతకడం తలనొప్పి.

ఇప్పుడు కటాఫ్ టైం. ప్రతి బ్యాంకూ ఒక్కో పేమెంట్ పద్ధతికి ఒక్కో గంట పెట్టుకుంటుంది, ఆ గంట దాటాక వచ్చింది మర్నాటి లెక్కలో పడుతుంది. ఇది డ్యూ డేట్ పక్కన రాయరు. కార్డు ఇచ్చినప్పుడు వచ్చిన షరతుల కాగితంలో ఉంటుంది, బ్యాంకు సైట్‌లో MITC అని వెతికితే పిడిఎఫ్ దొరుకుతుంది. అందులో పేమెంట్ పద్ధతులు రాసిన పేజీకి వెళ్లి, మీరు కట్టిన పద్ధతికి ఎదురుగా "అదే రోజు" అని ఉందా, "రెండు పని దినాలు" అని ఉందా చూడండి. చెక్కు డ్రాప్ బాక్సులో వేసేవాళ్లయితే డ్యూ డేట్‌కి మూడు నాలుగు రోజుల ముందే వేయమని అందులోనే రాసి ఉంటుంది. మా చెల్లి బ్యాంకు వాళ్లు ఫోన్‌లో చెప్పింది కూడా ఇదే, "రాత్రి 8 దాటాక కట్టారు కాబట్టి 19 లెక్క, మాకు ఎక్కేసరికి 20 అయ్యింది" అని.

సరే, వాళ్లు చెప్పిందే నిజమనుకుందాం. 20వ తేదీనే కట్టిందనుకుందాం. అప్పటికీ లేట్ ఫీజు వేయకూడదు. ఇది చాలామందికి తెలీదు, ఫోన్ ఎత్తిన వాళ్లలో కూడా కొందరికి తెలీదు.

రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డుల ఆదేశాలు ఆ ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం బాకీ డ్యూ డేట్ దాటి మూడు రోజులకి మించి ఉంటేనే లేట్ ఫీజు వేయాలి, మన అప్పుల చరిత్ర రాసిపెట్టుకునే క్రెడిట్ బ్యూరోకి బాకీ అని చెప్పాలన్నా అప్పుడే చెప్పాలి. లెక్క ఇలా వేసుకోండి. డ్యూ డేట్ సెప్టెంబర్ 18. 19 ఒకటో రోజు, 20 రెండు, 21 మూడు. 21 రాత్రిలోపు డబ్బు ఎక్కితే ఫీజు లేదు. 22 వచ్చినా ఎక్కకపోతే అప్పుడు వేయొచ్చు. వేసినప్పుడు రోజుల లెక్క మాత్రం 18 నుంచే మొదలవుతుంది, అంటే ఆ మూడు రోజులూ కలిపే. ఇది శని, ఆదివారాలు తీసేసి లెక్కపెట్టేది కూడా కాదు, మామూలు రోజులే.

కాబట్టి మా చెల్లి కేసులో కటాఫ్ రాత్రి 8 అయినా, 12 అయినా, ఫీజు విషయంలో తేడా లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వాళ్లే రాసుకున్న తేదీ 20, అది రెండో రోజు, మాట అక్కడితో అయిపోయింది. వాళ్ల కాగితమే మన సాక్ష్యం. "నేను 18నే కట్టాను" అని అరగంట వాదించే బదులు "మీ లెక్క ప్రకారమే 20, మూడు రోజుల్లోపే ఉంది కదా" అంటే ఎదురు చెప్పడానికి ఏమీ ఉండదు.

కానీ ఇక్కడే జాగ్రత్త. ఆ మూడు రోజులు ఫీజుకీ, బ్యూరోకి చెప్పడానికీ మాత్రమే. వడ్డీకి కాదు. డ్యూ డేట్‌లోపు పూర్తి బిల్లు ఎక్కకపోతే వడ్డీ లేని సౌకర్యం పోతుంది, వడ్డీ డ్యూ డేట్ నుంచి కాదు, మీరు వస్తువు కొన్న రోజు నుంచి పడుతుంది. తర్వాతి నెల స్టేట్‌మెంట్‌లో లేట్ ఫీజు కింద, ఇంకో రెండు లైన్ల తర్వాత Finance Charges అనో, Interest అనో ఉంటుంది. మా చెల్లి ఫీజు చూసి మండిపడింది గానీ ఈ లైను చూడనే లేదు.

ఆమె లెక్క చూడండి. ఆగస్టు 31న వచ్చిన బిల్లు 14,260. అందులో ఆగస్టు 10న కొన్న వాషింగ్ మెషీన్‌కి కట్టిన 9,000 ఒకటి, 24న పిల్లల ఫీజు 5,260 ఒకటి. కార్డు వడ్డీ నెలకి మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42. ఆగస్టు 10 నుంచి సెప్టెంబర్ 20 దాకా 41 రోజులు, 9,000 మీద 424 రూపాయల 60 పైసలు. ఆగస్టు 24 నుంచి 27 రోజులు, 5,260 మీద 163 రూపాయల 40 పైసలు. రెండూ కలిపి 588, దానిమీద 18 శాతం జిఎస్‌టి 106, మొత్తం 694. లేట్ ఫీజు 750, దాని జిఎస్‌టి 135, కలిపి 885. రెండూ కూడితే 1,579 రూపాయలు, రాత్రి పదకొండింటికి కట్టిన ఒక్క బిల్లుకి. మీ స్టేట్‌మెంట్‌లో కూడా ఇలాగే వేసి చూసుకోండి: కొన్న మొత్తం గుణకారం ఏడాది వడ్డీ శాతం, గుణకారం రోజులు, భాగహారం 36,500. ఐదారు రూపాయల తేడా వస్తే పట్టించుకోకండి, వందల్లో వస్తే అడగండి.

అంటే మీ ఫిర్యాదులో రెండు వేర్వేరు విషయాలు ఉన్నాయి, కలిపేయకండి. ఫీజుకి మూడు రోజుల నియమం చాలు. వడ్డీకి మాత్రం డబ్బు డ్యూ డేట్‌లోపే బ్యాంకుకి చేరిందని చూపించాలి, అక్కడ మీ రసీదు, టైమూ, బిబిపిఎస్ నంబరూ పనికొస్తాయి. కొన్ని బ్యాంకులు ఆలస్యంగా ఎక్కించినా, డబ్బు కట్టిన తేదీకే లెక్క సరిచేస్తాయి, దాన్ని వాల్యూ డేట్ అంటారు. "పోస్టింగ్ తేదీ 20 అని తెలుసు, వాల్యూ డేట్ ఎంత వేశారు?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో అవతలివాళ్లు మీ కేసుని పై వాళ్లకి పంపే అవకాశం ఎక్కువ, ఎందుకంటే దానికి జవాబు వాళ్ల స్క్రీన్ మీద ఉండదు.

ఫిర్యాదు చేసేముందు నిజాయితీగా ఇంకో విషయం చూసుకోండి, తప్పు మనవైపు ఉందా అని. నేను చూసినవాటిలో ఎక్కువసార్లు దొరికేది ఇది: బిల్లు రాకముందే కట్టేయడం. ఒకాయనకి స్టేట్‌మెంట్ ప్రతి నెలా 1న వస్తుంది. ఆయన 30వ తేదీనే చేతిలో డబ్బుంది కదా అని 5,000 కట్టేశాడు. అది 1న వచ్చిన బిల్లులో ముందే తీసేసి ఉంటుంది, మిగిలిన 7,400 బిల్లుగా వచ్చింది. ఆయన మాత్రం "ఈ నెల కట్టేశాను" అనుకుని ఊరుకున్నాడు. స్టేట్‌మెంట్ మొదటి పేజీలో పాత బాకీ, వచ్చిన పేమెంట్లు, కొత్త కొనుగోళ్లు, మొత్తం బాకీ అని ఒక వరస ఉంటుంది, మీ పేమెంట్ ఆ వరసలో కనపడితే అది పాత బిల్లుకి వెళ్లినట్టు, కొత్త బిల్లుకి మళ్లీ కట్టాలి.

రిఫండ్ కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది. వస్తువు వాపసు ఇచ్చాం, డబ్బు కార్డులోకి వచ్చింది, బిల్లు తగ్గింది కదా అనుకుంటాం. డ్యూ డేట్‌కి ముందు వచ్చిన రిఫండ్‌ని వెంటనే కట్టాల్సిన మొత్తంలో సర్దాలని, మనకి చెప్పాలని ఆ 2022 ఆదేశాల్లోనే ఉంది. కాబట్టి రిఫండ్ డ్యూ డేట్ లోపలే ఎక్కి, అయినా ఫీజు పడితే అది మీకు అనుకూలమైన పాయింటే, వదలకండి. డ్యూ డేట్ తర్వాత ఎక్కితే మాత్రం అది మీకు సాయం చేయదు.

మిగతావి తొందరగా చెబుతాను. రెండు కార్డులున్నవాళ్లు వేరే కార్డుకి కట్టేశారేమో చివరి నాలుగు అంకెలు చూడండి. మినిమం బాకీకి పది రూపాయలు తక్కువ కట్టినా సిస్టమ్ కట్టనట్టే చూస్తుంది, అయితే బాకీ ఎంతుందో దాన్ని బట్టి మారే ఫీజు స్లాబు అప్పుడు మొత్తం బిల్లు మీద కాదు, డ్యూ డేట్ తర్వాత మిగిలిన బాకీ మీదే వేయాలి, ఎక్కువ స్లాబు వేశారేమో చూసుకోండి. ఆటో పే కొత్తగా పెట్టినవాళ్లు, అది ఏ నెల బిల్లు నుంచి మొదలవుతుందో చూడండి, కొన్నిసార్లు తర్వాతి బిల్లు నుంచే మొదలవుతుంది.

ఇవన్నీ చూశాక ఫోన్ కాదు, రాతపూర్వకంగా పెట్టండి. యాప్‌లో ఫిర్యాదు గానీ, మెయిల్ గానీ. పొడుగ్గా కథ రాయొద్దు. మా చెల్లికి నేను రాయించింది దాదాపు ఇది:

"నా కార్డు చివరి అంకెలు ఇవి. ఆగస్టు 31 స్టేట్‌మెంట్ బిల్లు 14,260 రూపాయలు, డ్యూ డేట్ సెప్టెంబర్ 18. సెప్టెంబర్ 18 రాత్రి 10.52కి పూర్తి మొత్తం కట్టాను, బిబిపిఎస్ నంబరు ఇది, రసీదు జత చేశాను. మీ స్టేట్‌మెంట్‌లో పేమెంట్ సెప్టెంబర్ 20న ఎక్కింది. డ్యూ డేట్ దాటి మూడు రోజులకి మించలేదు కాబట్టి లేట్ ఫీజు 750, జిఎస్‌టి 135 రివర్స్ చేయండి. పేమెంట్ మీకు అందిన తేదీ, వాల్యూ డేట్ తెలియజేయండి, దాని ప్రకారం వడ్డీ 588, జిఎస్‌టి 106 కూడా రివర్స్ చేయండి. ఈ నెల నా ఖాతాని బాకీగా క్రెడిట్ బ్యూరోలకి పంపారో లేదో రాతపూర్వకంగా చెప్పండి."

రివర్స్ అన్న మాట కావాలనే వాడాను. ఫోన్‌లో వాళ్లు మాఫీ అంటారు, "మంచి కస్టమర్ కదా, ఈసారికి" అని. డబ్బు వెనక్కి వస్తే ఏదైతేనేం అనిపిస్తుంది. కానీ మాఫీ అంటే ఫీజు సరైనదే, దయతో వదిలేశాం అని రికార్డులో ఉంటుంది, ఇంకోసారి నిజంగా అవసరమైనప్పుడు "ఒకసారి ఇచ్చేశాం" అంటారు. సగం మాఫీకి అయితే అసలు ఒప్పుకోకండి, తప్పుగా వేసిన ఫీజులో సగం ఎందుకు కట్టాలి?

ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. జవాబు నచ్చకపోతే బ్యాంకు సైట్‌లో నోడల్ ఆఫీసర్ పేరుతో ఉన్న మెయిల్‌కి అదే నంబరుతో పంపండి. ముప్ఫై రోజులైనా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు కాదన్నా, cms.rbi.org.in లో బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, ఖర్చేమీ ఉండదు, వకీలూ అక్కర్లేదు. ముందు బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపుతారు, అందుకే ఆ మొదటి మెయిల్ తేదీ ముఖ్యం. ఎలా నింపాలో తెలీకపోతే 14448కి ఫోన్ చేసి అడగొచ్చు.

ఈలోగా ఆ ఫీజు కట్టాలా వద్దా అని చాలామందికి టెన్షన్. కట్టకుండా వదిలేస్తే అదే బాకీగా మారి వచ్చే నెల కొత్త లేట్ ఫీజు, కొత్త వడ్డీ పడే ప్రమాదం ఉంది. నేనైతే మిగతా బిల్లుతో పాటు కట్టేసి, "అభ్యంతరంతో కడుతున్నాను" అని మెయిల్‌లో ఒక లైను రాస్తాను. ఎనిమిది వందల కోసం క్రెడిట్ రిపోర్టు పాడుచేసుకోవడం దండగ.

ఆ రిపోర్టు సంగతి కూడా చూడండి. నెలన్నర ఆగి, ఏదో ఒక బ్యూరో నుంచి ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే పూర్తి రిపోర్టు దింపుకోండి. అందులో ఆ కార్డు కింద నెలల వారీ గడులు ఉంటాయి, ఆ నెల గడిలో 000 అని గానీ STD అని గానీ ఉంటే సమస్య లేదు. వేరే అంకె ఉంటే బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ పెట్టండి, బ్యాంకుకీ ఒక కాపీ పంపండి. ముప్ఫై రోజుల్లో సరిచేయకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకీ మీకు వంద రూపాయలు పరిహారం ఇవ్వాలన్నది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

మా చెల్లికి పదకొండో రోజు జవాబు వచ్చింది. ఫీజు వెనక్కి ఇస్తున్నామని ఒక లైను, డబ్బు అందిన తేదీ 18గా సరిచేశామని ఇంకో లైను. తర్వాతి స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే 750 వెనక్కి వచ్చింది, 588 వచ్చింది, 106 వచ్చింది, 135 మాత్రం రాలేదు. అదే ఫిర్యాదు నంబరు మీద మళ్లీ మెయిల్ పెట్టింది, నాలుగు రోజులకి అదీ పడింది.